హెచ్‌ఎంఎఫ్, డయాస్టేజ్ రెండూ పాసైతే తేనె స్వచ్ఛమైనట్టేనా?

పూలబాట:
రెండు సీసాల తేనె ల్యాబ్‌కి పంపించాను. మొదటి దాంట్లో చక్కెరలు వేడెక్కితే పుట్టే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం కిలోకి 58 మిల్లీగ్రాములు, ఈగల నుంచి వచ్చే డయాస్టేజ్ అనే ఎంజైమ్ 9, సుక్రోజ్ అంటే మామూలు పంచదార 1.8 శాతం. రెండో దాంట్లో హెచ్‌ఎంఎఫ్ 4, డయాస్టేజ్ 3.6, సుక్రోజ్ 1.2. హెచ్‌ఎంఎఫ్ 80 దాటకూడదు, డయాస్టేజ్ 3కి తగ్గకూడదు అని కింద రాసి, రెండూ పాస్ అన్నారు. నాకు మాత్రం రెండిటిలో ఏదో ఒకటి కల్తీ అనిపిస్తోంది. ఏదంటారు?

చలపతి:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? మొదటిదే. పంచదార పాకంలో కాస్త ఆమ్లం వేసి కాస్తే అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అలా కాసేటప్పుడు ఫ్రక్టోజ్ నుంచి హెచ్‌ఎంఎఫ్ బోలెడంత పుడుతుంది. తాజా తేనెలో అది దాదాపు ఉండదు. 58 ఉందంటే పాకం కలిసినట్టే. 4 ఉన్నది మంచి సరుకు, కళ్లు మూసుకుని వాడండి.

లలిత_వంటిల్లు:
నేను ఇంట్లోనే పరీక్ష చేశాను. మా అబ్బాయి స్కూలు కిట్‌లో బెనిడిక్ట్ ద్రావణం ఉంటే తేనె చుక్క వేసి వేడి చేశాం. వెంటనే ఇటుక రంగు వచ్చింది. అంటే చక్కెర కలిపారనే కదా? నీళ్ల గ్లాసులో వేస్తే మాత్రం తిన్నగా అడుగుకి దిగింది. దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గాజుకుప్పె:
ఇలాంటి రిపోర్టులు రాసే పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. లలిత గారూ, ముందు మీది. తేనెలో మూడింట రెండు వంతులకు పైగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే. బెనిడిక్ట్‌కి రంగు తెప్పించేవి అవే. అసలు తేనెకీ ఇటుక రంగే వస్తుంది, పాకానికీ అదే వస్తుంది. ల్యాబ్‌లో దానికి దగ్గర బంధువైన ఫెలింగ్ ద్రావణం వాడతాం, కానీ రంగు చూసి వదిలేయం, కొలుస్తాం. ఒకసారి తేనెను ఉన్నదున్నట్టు, ఇంకోసారి ఆమ్లంతో సుక్రోజ్‌ని విడగొట్టాక. మొదటిసారి 68.0, రెండోసారి 70.1 వచ్చిందనుకోండి. తేడా 2.1. దాన్ని 0.95తో గుణిస్తే సుక్రోజ్ 2 శాతం. మామూలు తేనెకు 5 శాతం దాకా అనుమతి ఉంటుంది. పంచదారను నేరుగా కరిగించి కలిపితేనే ఇది పట్టిస్తుంది. ముందే విడగొట్టిన పాకం కలిపితే సుక్రోజ్ పెరగదు కదా. పూలబాట గారి రెండు సీసాలూ అందుకే ఇక్కడ హాయిగా దాటేశాయి.

నీళ్ల గ్లాసు చూపించేది చిక్కదనం ఒక్కటే. మంచి చిక్కటి సిరప్ కూడా అలాగే అడుక్కి దిగుతుంది.

ఇక అసలు ప్రశ్న. చలపతి గారు చెప్పిన కెమిస్ట్రీ నిజమే, కానీ హెచ్‌ఎంఎఫ్ పాకంలోనే పుట్టదు. తేనె తనంతట తానే ఆమ్ల గుణం ఉన్న పదార్థం, ఫ్రక్టోజ్ నిండా ఉంది, వేడి తగిలితే చాలు. 30 డిగ్రీల దగ్గర 30, 40 మిల్లీగ్రాములకు చేరడానికి ఐదారు నెలల పైనే పడుతుంది. 40 డిగ్రీల దగ్గర మూడు వారాల నుంచి ఏడు వారాల్లోనే అయిపోతుంది. 70 డిగ్రీలయితే కొన్ని గంటలు చాలు. అదే వేడికి డయాస్టేజ్ చచ్చిపోతూ ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర దాదాపు నెలకు సగమవుతుంది. అంటే వేడి తిన్న తేనెలో ఒకటి పైకి, ఒకటి కిందికి, రెండూ కలిసి కదలాలి.

మొదటి సీసా చూడండి. డయాస్టేజ్ 18తో మొదలైన తేనె సగమై 9కి దిగిందనుకుంటే, 58 హెచ్‌ఎంఎఫ్ దానికి సరిపోయే అంకె. వేడి గోడౌన్‌లో నెలా రెండు నెలలు పడున్న తేనెలా ఉంది. నాణ్యత తగ్గింది, కల్తీ అని మాత్రం దీన్నిబట్టి అనలేను.

నన్ను ఆపింది రెండోది. హెచ్‌ఎంఎఫ్ 4 అంటే దానికి వేడే తగల్లేదు. మరి డయాస్టేజ్ 3.6కి ఎందుకు పడిపోయింది? వేడి చంపలేదు కాబట్టి రెండే మిగులుతాయి: మొదటినుంచీ అంతే ఉండాలి, లేదా పలచబడి ఉండాలి. ఉదాహరణకి డయాస్టేజ్ 12, హెచ్‌ఎంఎఫ్ 12 ఉన్న తేనె 30 వంతులు, శుభ్రమైన సిరప్ 70 వంతులు కలపండి. రెండూ 3.6కి వస్తాయి. ఇప్పటి సిరప్‌లను ఆమ్లంతో కాయరు, ఎంజైమ్‌తో తయారుచేసి శుద్ధి చేస్తారు. హెచ్‌ఎంఎఫ్ పెద్దగా ఉండదు.

చలపతి:
అలాగే అనుకుందాం. కానీ మొదటిదాన్ని మీరు చాలా తేలిగ్గా వదిలేశారు. ఆమ్లంతో కాచిన పాకంలో హెచ్‌ఎంఎఫ్ కిలోకి 500 ఉందనుకోండి. అది పదో వంతు కలిపితే 50 అక్కడే వచ్చేసింది, మిగతా 8 తేనెది. డయాస్టేజ్ పదో వంతే తగ్గుతుంది. మీ గోడౌన్ కథకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

గాజుకుప్పె:
మంచి ప్రశ్న. డయాస్టేజ్ 22 ఉండి హెచ్‌ఎంఎఫ్ 58 ఉంటే మీరన్నదే నాకూ ముందు తడుతుంది, ఎందుకంటే అంత వేడి తిని ఎంజైమ్ అంత మిగలడం అనుమానమే. 9 దగ్గర మాత్రం మీ కథా నిలబడుతుంది, నాదీ నిలబడుతుంది. 10 ఉన్న తేనెలో మీ పాకం కలిస్తే సరిగ్గా 9 వస్తుంది మరి. తేనె తీసిన తేదీ, ఎక్కడ నిల్వ చేశారన్నది తెలియకుండా ఈ రెండంకెలతో తేల్చలేం.

పాతపద్ధతి:
ఒకప్పుడు దీనికి ఫీహే పరీక్ష చేసేవాళ్లం. కొన్ని గ్రాముల తేనెను కల్వంలో ఈథర్‌తో నూరి, పైకి తేలిన ఈథర్‌ని పింగాణీ గిన్నెలోకి వంపి, దానంతటదే ఆరిపోనివ్వాలి. అడుగున మిగిలినదాని మీద గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించిన రిసార్సినాల్ చుక్క వేస్తే, ఆమ్లంతో కాచిన పాకం ఉన్న చోట ముదురు చెర్రీ ఎరుపు వెంటనే వచ్చి నిలిచిపోతుంది. వేడి తిన్న తేనెకు లేత గులాబీ వచ్చి వెలిసిపోతుంది. చెప్పినంత తేలిక కాదు, ఆ రెండు రంగుల మధ్యలో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటే ఇద్దరు మనుషులు రెండు మాటలు చెప్పేవారు. ఈథర్ ఇట్టే అంటుకుంటుంది, ఇళ్లలో ఎవరూ చేయొద్దు. ఎంజైమ్ సిరప్‌లు వచ్చాక దీంట్లో రంగు రాలేదని సంబరపడ్డానికీ లేదు.

పట్టుపెట్టె:
నేను ఈగలు పెంచుతాను. ల్యాబ్ వాళ్ల మాటల్లో మా కష్టం కనపడదు. పూలు లేని రోజుల్లో ఈగలు చచ్చిపోకుండా పంచదార పాకం పెడతాం. అందులో కొంత పట్టులోకి పోతుంది. ఈగ తన ఎంజైమ్‌తోనే దాన్ని విడగొడుతుంది కాబట్టి సుక్రోజ్ తగ్గుతుంది, డయాస్టేజ్ కూడా ఈగదే కాబట్టి కొంత ఉంటుంది, కాయలేదు కాబట్టి హెచ్‌ఎంఎఫ్ ఉండదు. రెండో సీసా అంకెలు నాకు అలాగే కనిపిస్తున్నాయి. సిరప్ డ్రమ్ముతో కలిపిన వాడినీ, ఈగలకు తిండి పెట్టి తొందరగా తేనె తీసిన వాడినీ ఒకే గాటన కడతారా?

చలపతి:
కట్టాల్సిందే. పువ్వు నుంచి రానిది తేనె అనకూడదు. ఈగ నోట్లోంచి వచ్చినంత మాత్రాన పంచదార మకరందం అయిపోదు.

పట్టుపెట్టె:
చలికాలంలో మీరు వచ్చి మా పెట్టెలు చూసుకోండి, అప్పుడు మాట్లాడదాం. తీసేముందు పాకం ఆపేసేవాడు ఒకడు, ఆపనివాడు ఒకడు. తప్పు రెండోవాడిది.

పూలబాట:
ఒక్క నిమిషం, చెప్పడం మర్చిపోయాను. రెండో సీసా మీద నిమ్మజాతి పూల తేనె అని ఉంది. దీంతో ఏమైనా మారుతుందా?

గాజుకుప్పె:
చాలా మారుతుంది. నిమ్మ, నారింజ పూల తేనెల్లో డయాస్టేజ్ సహజంగానే తక్కువ. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో మామూలు తేనెకు కనీసం 8 అని ఉన్నా, ఇలాంటివాటికి 3 దాకా ఒప్పుకుంటారు. యూరప్ నిబంధన ఇంకో మెలిక పెట్టింది: ఆ సడలింపు కావాలంటే హెచ్‌ఎంఎఫ్ 15 దాటకూడదు. వేడి చేసి ఎంజైమ్‌ని చంపినవాడు నిమ్మ పేరు చెప్పుకుని తప్పించుకోకూడదని ఆ షరతు. కానీ సిరప్‌తో పలచబరిచిన వాడికి ఆ షరతు అడ్డమే కాదు, ఎందుకంటే వాడి హెచ్‌ఎంఎఫ్ ఎలాగూ తక్కువే. మీ 4, 3.6 ఆ కిటికీలో అచ్చంగా సరిపోతాయి. నిజంగా నిమ్మ తేనె అయినా సరే, కలిపింది అయినా సరే.

నేనైతే ఇప్పుడు ప్రోలీన్ కొలిపిస్తాను. అది ఎక్కువగా ఈగల నుంచే తేనెలోకి వచ్చే అమైనో ఆమ్లం. ల్యాబుల్లో కిలోకి 180 మిల్లీగ్రాములను గీతగా పెట్టుకుంటారు. అందులో సగం కూడా లేకపోతే పలచబడిందన్న అనుమానం బలపడుతుంది. తర్వాత పుప్పొడి చూపిస్తాను.

పట్టుపెట్టె:
పుప్పొడి మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. నిమ్మజాతి తేనెలో ఆ పుప్పొడి మామూలుగానే తక్కువ. అది తక్కువుందని నా తేనెను ఒకసారి తిరస్కరించారు. వాసనే సాక్ష్యం.

గాజుకుప్పె:
వాసనకి కారణమైన మిథైల్ ఆంత్రనిలేట్‌నీ కొలవొచ్చు లెండి. అది బొత్తిగా లేకపోతే లేబుల్ మీద నిమ్మ అన్న మాటకి ఆధారం పోతుంది, దాంతోపాటు 3 దాకా ఇచ్చిన సడలింపూ పోతుంది. అప్పుడు కోడెక్స్ లెక్కన 8 కావాలి, 3.6 ఫెయిల్.

చలపతి:
ఆ మిథైల్ ఆంత్రనిలేట్ ద్రాక్ష ఫ్లేవర్‌లో వేసేదే కదా, సీసాల్లో దొరుకుతుంది. డయాస్టేజ్ కూడా బూజు నుంచి తీసినది కొనొచ్చు. మీరు ఏది కొలిస్తే అది పోసేస్తారు.

గాజుకుప్పె:
పోస్తారు. బయటినుంచి వేసిన ఎంజైమ్‌ని వెతికే పరీక్షలు ఉన్నాయి, వాటి ఖర్చు వేరు. చెరకు, మొక్కజొన్న చక్కెరలైతే కార్బన్ ఐసోటోపులు పట్టిస్తాయి, తేనెలోని ప్రోటీన్‌తో పోల్చి చూస్తాం. బియ్యం సిరప్, బీట్ చక్కెర మాత్రం ఆ వలలో పడవు, మకరందం ఇచ్చే మొక్కలూ అవీ ఒకే కోవ కాబట్టి.

పూలబాట:
రెండో సీసాకి ప్రోలీన్, మిథైల్ ఆంత్రనిలేట్ రెండూ అడిగాను. మొదటి సీసా వాళ్లను తేనె తీసిన నెల, గోడౌన్ వివరాలు అడిగితే ఇంతవరకు జవాబు లేదు.