వారానికి మూడు రోజులొచ్చే నర్సు జీతం బడ్జెట్‌లో ఎలా వేయాలి?

టెక్కలి నుంచి: ఉద్దానం ఊళ్లలో కిడ్నీ పరీక్షల ప్రాజెక్టుకి దాతలకు బడ్జెట్ పంపాలండీ. ఫారంలో నెల జీతం, ఈ పనికి ఎంత శాతం, ఎన్ని నెలలు అని గళ్లున్నాయి. మా నర్సు వారానికి మూడు రోజులే వస్తుంది, నెలకి 9,000 ఇస్తాం. సగం రోజులే కదా అని 50 శాతం వేశాను. ఏడాదికి 54,000 వచ్చింది, మేం ఇచ్చేదేమో 1,08,000. రేపే పంపాలి, టెన్షన్‌గా ఉంది.

పాలకొండ నుంచి: ఫుల్‌టైం జీతం 18,000 రాసి 50 శాతం వేయండి, సరిపోతుంది. పార్ట్‌టైం వాళ్లకి పీఎఫ్ ఎలాగూ ఉండదు.

బొబ్బిలి నుంచి: మొదటి మాట సగం నిజం, రెండోది తప్పు. సంస్థకి పీఎఫ్ ఉంటే మూడు రోజులొచ్చే మనిషికీ కట్టాలి.

మేడమ్, 9,000 అంటేనే సగం పనికి ఇచ్చే జీతం. దాన్ని మళ్లీ సగం చేశారు. ఆమె వచ్చే మూడు రోజులూ ఈ ప్రాజెక్టు పనే అయితే 9,000 రాసి 100 శాతం వేయండి. 18,000 మీద వెళ్తే జీతం సరిపోతుంది కానీ పీఎఫ్ తగ్గిపోతుంది. పీఎఫ్ లెక్క 15,000 దగ్గర ఆగుతుంది కదా, అందులో 13 శాతం 1,950, దాంట్లో సగం 975. మీరు నిజంగా కట్టేది 9,000 మీద 1,170. ఈఎస్‌ఐలో మీ వాటా 3.25 శాతం, పైసలు పైకి సవరిస్తే 293. మొత్తం నెలకి 10,463.

రాజాం నుంచి: నా జీతంలోంచి 1,800 పీఎఫ్ కోస్తున్నారు. అది కూడా బడ్జెట్‌లో కలపాలా?

బొబ్బిలి నుంచి: వద్దు తమ్ముడూ. అది నీ జీతంలోదే, కలిపితే రెండుసార్లు పడుతుంది. వృత్తి పన్నూ అంతే.

టెక్కలి నుంచి: మా అకౌంటెంట్ ఫుల్‌టైం, జీతం 18,000. ఈ ప్రాజెక్టుకి 40 శాతం. ఆయనకీ ఇలాగేనా?

బొబ్బిలి నుంచి: ఆయనకి తిరగబడుతుంది. 7,200 మీద 13 శాతం వేస్తే 936 వస్తుంది, కానీ 15,000 వరకే పీఎఫ్ కడుతున్నట్లయితే ఆయన పేరున మీరు కట్టేదే 1,950, అందులో 40 శాతం 780. ముందు మొత్తం ఖర్చు తేల్చి, ఆ తర్వాతే శాతం వేయండి. ఈఎస్‌ఐ 585లో 234. మొత్తం 8,214. మిగతా 60 శాతం ఏ ప్రాజెక్టులో ఉందో కూడా చూసుకోండి. అన్నీ కలిపి 100 దాటితే ఆడిట్‌లో పట్టుకుంటారు.

పాలకొండ నుంచి: పీఎఫ్ సంగతి నేను తప్పు చెప్పానండీ. మరి గ్రాట్యుటీ 4.81 శాతం వేయాలా?

బొబ్బిలి నుంచి: ఏడాది ప్రాజెక్టుకి కొందరు దాతలు ఒప్పుకుంటారు, కొందరు కొట్టేస్తారు. వాళ్లనే అడగాలి.

టెక్కలి నుంచి: నర్సు వరస 1,25,556కి మార్చాను. గ్రాట్యుటీ గురించి ఇప్పుడే మెయిల్ పెడుతున్నా.