మార్కులు, ప్యాకేజీలు పోల్చే ఆడపడుచుకి ఎలా చెప్పాలి?

ఖమ్మం_అమ్మ:
మా వారి అక్క విజయవాడలో ఉంటారు. మా వాడూ, వాళ్ళ చిన్నబ్బాయీ ఈ ఏడే ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశారు. మా వాడికి తెలంగాణ ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు, వాళ్ళబ్బాయికి ఆంధ్రా ఈఏపీసెట్‌లో 14 వేలు. వాళ్ళ పెద్దబ్బాయికి పోయినేడు 12 లక్షల ప్యాకేజీ వచ్చింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులకోసారి ఇవే లెక్కలు, మా వాడి పేరు పెట్టి మరీ. వచ్చే నెల వాళ్ళ గృహప్రవేశం. వీడు రానంటున్నాడు. గొడవ కాకుండా వదినకి ఎలా చెప్పాలి?

కృష్ణాతీరం:
ఏం చెప్పక్కర్లేదమ్మా. మా మేనమామ నన్ను రోజూ వాళ్ళబ్బాయితో పోల్చేవాడు. ఆ కసితోనే చదివి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నా. ఇప్పటి పిల్లలకి ఒక్క మాట పడదు. మేనత్త కాకపోతే ఎవరు అడుగుతారు?

సాయి_ఎల్బీనగర్:
31 వేలకి ఖమ్మంలో సీఎస్‌ఈ రావచ్చేమో. వెబ్ ఆప్షన్లు పెట్టారా?

చాక్‌పీసు:
ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. ఈ రెండు ర్యాంకుల్నీ పక్కపక్కన పెట్టడమే తప్పండి. రెండూ వేరే పరీక్షలు, రాసినవాళ్ళూ వేరు. పైగా ఆంధ్రాలో ర్యాంకుకి ఇంటర్ మార్కులు 25 శాతం కలుస్తాయి. తెలంగాణలో 2023 నుంచి ఆ వెయిటేజీ తీసేశారు, పరీక్షలో వచ్చిందే లెక్క.

నిజం_మాట్లాడతా:
అందుకే చెప్తున్నా, ఇంటర్ మార్కులకి విలువ లేదు. పాసైతే చాలు. మీ వదినకి అదే చెప్పండి.

చాక్‌పీసు:
అంత తేలిగ్గా అనకండి. తెలంగాణ ఎప్‌సెట్ వరకు మీరన్నది కొంత నిజం. జేఈఈ ర్యాంకుతో ఎన్ఐటీకి వెళ్ళాలంటే మాత్రం ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా ఆ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. అయినా ఇదంతా ఆవిడకి వివరించడం దండగ. ర్యాంకు పోల్చకూడదని ఒప్పిస్తే రేపు ప్యాకేజీ పట్టుకుంటారు.

కృష్ణాతీరం:
మీరే ఒప్పుకున్నారు చూడండి, 14 వేలు 14 వేలే. వేరే పరీక్ష అని సర్దిచెప్పుకుంటే 31 వేలు తగ్గుతుందా?

పొగిడించుకున్న_పిల్ల:
మా ఇంట్లో అందరినీ నాతోనే పోల్చేవాళ్ళు. "దాన్ని చూసి నేర్చుకో" అన్న ప్రతిసారీ మా పిన్ని కూతురు నాతో మాట్లాడటం ఒక వారం మానేసేది. చివరికి పూర్తిగా మానేసింది.

నా ప్యాకేజీ కూడా 12 లక్షలే. అందులో లక్షన్నర జాయినింగ్ బోనస్, అది మొదటి ఏడాదికే. ఇంకో రెండు లక్షలు వేరియబుల్, ఇస్తే ఇస్తారు. మిగిలిన ఎనిమిదిన్నరలో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపే ఉంది. నా వాటా పీఎఫ్, పన్నూ పోగా చేతికొచ్చింది నెలకి 62 వేలు. అమ్మ మాత్రం అందరికీ "నెలకి లక్ష" అని చెప్పింది. ఏడాదిన్నరకి ఉద్యోగం పోయింది. ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు, పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయటికెళ్ళేదాన్ని. మీ పెద్ద మేనల్లుడి మెడ మీద కూడా ఆ 12 లక్షలు కూర్చునే ఉంటాయి.

కృష్ణాతీరం:
ఉద్యోగం పోతే అత్తయ్య తప్పా? దేనికి దేనికి ముడిపెడుతున్నారు!

చాక్‌పీసు:
మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. మా అన్నగారి భార్య మా అబ్బాయిని ఇలాగే అనేది. ముందు కనిపెట్టాల్సింది ఆ అంకెలు ఆవిడకి ఎవరు అందిస్తున్నారన్నది. మా అమ్మే! ఫోన్లో మురిపెంగా యూనిట్ టెస్టు మార్కులతో సహా చెప్పేసేది. అమ్మతో "అడ్మిషన్ అయ్యాక మేమే చెప్తాం, అప్పటిదాకా నువ్వు చెప్పకు" అన్నాం. సగం మాటలు అక్కడే ఆగాయి.

రెండోది, ఆవిడతో నేనే మాట్లాడాను, మా ఆవిడ కాదు. కోడలు చెప్తే అది తోడికోడళ్ళ తగువు అవుతుంది. గ్రూపులో కాదు, మా అన్న కూడా లేనప్పుడు, ఇంటికెళ్ళి. "వదినా, వాడి చదువు నన్ను అడగండి, ఏదైనా చెప్తాను. వాడి ముందు, నలుగురిలో మాత్రం మీ అబ్బాయితో కలిపి అనకండి. వాడు మీ ఇంటికి రావడం మానేస్తున్నాడు." అంతే. ఆవిడ నొచ్చుకుంది. తర్వాత ఒక పెళ్ళిలో మళ్ళీ అంది. అప్పుడు వాణ్ణి పని మీద అవతలికి పంపి, ఆ మాటే మళ్ళీ చెప్పాను. మూడోసారికి తగ్గింది. పూర్తిగా పోలేదు. మీ వారు ఏమంటారు?

ఖమ్మం_అమ్మ:
ఆయన మాట్లాడరండి.

కృష్ణాతీరం:
ఎందుకు మాట్లాడరు? తమ్ముడికి లేని నొప్పి మీకెందుకు? నాకనిపించేది చెప్తున్నా, మీకు అసలు ఆవిడంటేనే గిట్టదు. రేపు మీ వాడికి మంచి ర్యాంకొస్తే మీరు గ్రూపులో పెట్టరా?

పొగిడించుకున్న_పిల్ల:
పెద్దవారు, కాస్త మర్యాదగా రాయండి.

కృష్ణాతీరం:
నేను మర్యాదగానే అడిగాను. జవాబు రాలేదు.

ఖమ్మం_అమ్మ:
సరే, చెప్తాను. పదో తరగతి ఫలితాలప్పుడు మా వాడి మార్కులు గ్రూపులో మొదట పెట్టింది నేనే. అప్పుడు వీడికే ఎక్కువ వచ్చాయి. అది నా తప్పే.

ఇంకోటి. ఇంటర్ కాలేజీ ఫీజుకి లక్షా నలభై వేలు వదినే సర్దారు. అప్పట్లో మా వారి షాపు నడవలేదు. అది ఇంకా తీర్చలేదు. అందుకే ఆయన నోరెత్తరు. పోయిన వారం గ్రూపులో వదిన "అంత పోసి చదివిస్తే 31 వేలా" అని పెట్టారు. మా వాడు చదివాడు. ఆ డబ్బు సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు.

కృష్ణాతీరం:
అదీ అసలు సంగతి! డబ్బిచ్చినామెకి అడిగే హక్కు లేదా?

చాక్‌పీసు:
ఇచ్చిన డబ్బు అడగొచ్చండి, ఎప్పుడైనా. వాడి ర్యాంకు ఆ అప్పుకి వడ్డీ కాదు.

కృష్ణాతీరం:
నేనూ మా తమ్ముడి కూతురికి ఫీజు కట్టాను. ఎలా చదువుతోందని అడిగితే తలుపేసుకుంది. నేను ఎవరికి చెప్పుకోవాలి?

పొగిడించుకున్న_పిల్ల:
ఎలా అడిగారు బాబాయ్? "మా వాడు నీ వయసులో" అని మొదలుపెట్టారా?

నిజం_మాట్లాడతా:
అప్పు తీర్చేవరకు నోరు మూసుకోవడమే మంచిది. చేదుగా ఉన్నా అంతే.

చాక్‌పీసు:
నేనలా అనుకోను. ఖమ్మం అమ్మగారూ, రెండు మాటలూ ఒకేసారి చెప్పించండి, మీ వారితోనే. మొదట డబ్బు: నెలకి ఐదు వేలైనా సరే, ఏ తేదీకి ఇస్తారో చెప్పి మొదటి విడత అదే రోజు పంపండి. లక్షా నలభైకి 28 నెలలు. ఆ తర్వాతే "అక్కా, వాడి పేరు గ్రూపులో వద్దు." డబ్బు ఊసెత్తకుండా రెండోది చెప్తే ఆవిడ చెవికెక్కదు. గృహప్రవేశానికి వాణ్ణి బలవంతం చేయకండి. ఆ చిన్నబ్బాయి ఫోన్ చేసి పిలిస్తే వస్తాడేమో చూడండి.

ఖమ్మం_అమ్మ:
నిన్న మా వారు వదినకి ఫోన్ చేశారు. డబ్బు మాటకి "నేనెప్పుడడిగానురా" అని ఏడ్చారట. రెండో మాటకి "నేనేమన్నానని" అని పెట్టేశారు. గ్రూపులో ఆ మెసేజ్ మాత్రం తీసేశారు. మా వాడు ఇంకా ఏమీ తేల్చలేదు, వాళ్ళ బావతో మాత్రం రాత్రి గంటసేపు గేమ్ ఆడాడు.

సాయి_ఎల్బీనగర్:
ఇంతకీ సీఎస్‌ఈ వచ్చిందా?