అప్‌డేట్: కంపెనీ దివాలా తీశాక నా పెన్షన్ ఎంతకి తేలిందంటే

నేను అడిగింది: "అమెరికాలో మా కంపెనీ దివాలాకి వెళ్లింది, పెన్షన్ ప్లాన్‌లో సరిపడా నిధులు లేవు. నెలకి 2,000 డాలర్లు అన్న మాట గాల్లో కలిసినట్టేనా?"

కలవలేదు కానీ కోత పడింది. ప్లాన్ డబ్బు విడిగా ట్రస్టులో ఉంటుంది కాబట్టి కంపెనీకి అప్పులిచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోలేరు, తక్కువైనదాన్ని పీబీజీసీ అనే ప్రభుత్వ బీమా సంస్థ తన పరిమితుల మేరకు భరిస్తుంది. గరిష్ఠ పరిమితికి నేను చాలా కిందే ఉన్నాను, ఆ టెన్షన్ లేదు. దెబ్బ వేరేచోట తగిలింది: ఆ 2,000లో 300 మూడేళ్ల కిందటే పెంచారు, ఐదేళ్లు నిండని పెంపుకి ఏడాదికి 20 శాతం చొప్పునే గ్యారంటీ, అంటే 180 మాత్రమే. పైగా ఆ ఏళ్లు లెక్కపెట్టేది ప్లాన్ రద్దయిన రోజు వరకు కాదు, దివాలా పిటిషన్ వేసిన రోజు వరకే (ఇది మాత్రం అన్యాయమనిపించింది). లెటర్‌లో 1,880 అని ఉంది. అదీ అంచనానే, తుది లెక్కలో ఎక్కువ ఇచ్చినట్టు తేలితే తర్వాతి నెలల్లో కొంత కొంత పట్టుకుంటారు.