గుత్తి వంకాయ కూరలో కేలరీలు: నూనె కొలవకుండా లెక్క తేలుతుందా?

చందు_వై
బరువు తగ్గాలని రోజూ తిన్నది యాప్‌లో రాసుకుంటున్నాను. అన్నం, గుడ్లు, పెరుగు దగ్గర ఇబ్బంది లేదు. అమ్మ చేసే గుత్తి వంకాయ దగ్గరే ఆగిపోతున్నా. యాప్‌లో "వంకాయ కూర, ఒక కప్పు, 110" అని ఉంది. మా ఇంట్లో కూర మీద నూనె తేలుతుంది. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి కాయల్లో కూరుతుంది. అమ్మ చెంచా పట్టదు, నూనె క్యాన్ వంచి పోస్తుంది. కొలవకుండా తెలుసుకునే దారి ఉందా?

నడకరాజు
కప్పుకి 200 వేసుకో తమ్ముడూ, అయిపోతుంది.

తూనికరాళ్లు
చందు గారూ, నేను హాస్టల్ మెస్‌లకి వంటల కొలతలు రాసే పని చేస్తాను. చెంచా అక్కర్లేదు, మీ అమ్మగారి చెయ్యీ మారక్కర్లేదు. వంటకి ముందు నూనె క్యాన్‌ని వంటింటి కాటా మీద పెట్టండి, వంటయ్యాక మళ్లీ పెట్టండి. తేడాయే నూనె. అది గ్రాముల్లో వస్తుంది కాబట్టి తొమ్మిదితో గుణిస్తే కేలరీలు. పల్లీ నూనె అయినా, పొద్దుతిరుగుడు అయినా, నెయ్యి అయినా దాదాపు అంతే. ఖాళీ మూకుడు బరువు మాత్రం ముందే రాసిపెట్టుకోండి, కూర దిగాక పనికొస్తుంది.

నలుగురికి సరిపడా కూర ఒకటి లెక్క కట్టి చూపిస్తాను. అరకిలో వంకాయలు 125 కేలరీలు. పల్లీలు 40 గ్రాములు, నువ్వులు 15, ఎండుకొబ్బరి 20, ఈ మూడూ కలిపి సుమారు 445. ఉల్లిపాయ, చింతపండు, చిటికెడు బెల్లం కలిపి ఓ 115. నూనె 75 గ్రాములు, అంటే 675. మొత్తం 1360. వంకాయ వాటా ఎంతో చూడండి, పదో వంతు కూడా లేదు. యాప్‌లో ఆ 110 రాసినవాళ్లు ఎంత నూనె పోశారో మనకి తెలియదు, అందుకే అది మీ ఇంటి కూరకి పనికిరాదు.

ఇప్పుడు కూరతో సహా మూకుడు తూచి, ఖాళీ మూకుడు బరువు తీసెయ్యండి. 900 గ్రాములు వచ్చిందనుకుందాం. వంద గ్రాములకి 150 పడింది. మీరు వేసుకున్నది 150 గ్రాములైతే 225. నీళ్లు ఇగిరి కూర చిక్కబడినా మొత్తం 1360 మారదు, వంద గ్రాములకి పడే అంకె ఒక్కటే పెరుగుతుంది. కప్పు కొలతని నమ్మకపోవడానికి ఇదే కారణం. పలచని పులుసు కప్పూ, దగ్గరపడిన ముద్ద కప్పూ ఒకటి కావు.

డబ్బాలెక్క
తూనికరాళ్లు గారు చెప్పింది మెస్‌కి సరే, ఇంటికి కాదు. పొద్దున్నే ఉప్మా తాలింపుకీ, పప్పు పోపుకీ, సాయంత్రం వేపుడుకీ క్యాన్ తూచేదెవరు? మా ఇంట్లో సులువైన పద్ధతి ఉంది. నెలకి ఎన్ని ప్యాకెట్లు ఖర్చయ్యాయో చూస్తాం. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని అచ్చేసి ఉంటుంది. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు అయితే మనిషికి రోజుకి 26, 27 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి చెప్పిన నూనె కూడా 27 గ్రాములే. దీనికి మించి ఏ కూరలో ఎంతుందో తెలిసి చేసేదేముంది?

కొబ్బరాకు
కొబ్బరి మంచి కొవ్వు కదా, దాన్ని కూడా లెక్కలో వేస్తారా? మావారికి షుగర్ వచ్చినప్పటి నుంచి అన్ని కూరల్లో కొబ్బరి కోరే వేస్తున్నాను, నూనె తగ్గించాను. బరువు మాత్రం తగ్గలేదు, ఎందుకో అర్థం కావట్లేదు.

తూనికరాళ్లు
కొబ్బరాకు గారూ, మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట, కేలరీలు మాత్రం ఉంటాయి. పచ్చికొబ్బరి వంద గ్రాములకి 350 దాకా, ఎండుకొబ్బరికి 660 దాకా. పచ్చిదాంట్లో సగానికి దగ్గరగా నీరే, అందుకే అంత తేడా. యాప్‌లో "కొబ్బరి" అని మాత్రమే ఉంటే ఏదో చూసుకుని ఎంచుకోవాలి. ఒక చిప్ప కోరు కూరలో పడిందంటే చాలా నూనె పడినట్టే. మీరు పోయడం తగ్గించిన నూనె అటునుంచి తిరిగి వచ్చి ఉండొచ్చు. తూచి చూడండి.

కొబ్బరిపాలు పోసే కూరల్లో మాత్రం కాయ మొత్తాన్ని లెక్కించకండి. పిండి పారేసే పిప్పిలో కొంత కొవ్వు ఉండిపోతుంది. ఎంత పోయిందో ఇంట్లో కచ్చితంగా చెప్పలేం. మొదటి పాలు చిక్కగా, రెండోవి పలచగా ఉంటాయి, వాటిని ఒకే అంకెతో రాయడం కుదరదు.

డబ్బాలెక్క గారూ, మీ పద్ధతి ఇంటి మొత్తానికి నిజం చెబుతుంది. చందు గారు ఎంత తిన్నారో చెప్పదు. సగటు 27 అయినా, వేపుడు ఇష్టంగా తినే మనిషికి 40 పోవచ్చు, పెరుగన్నంతో సరిపెట్టే మనిషికి 15. ఆవకాయకి పోసిన నూనె ఆ నెల లెక్కంతా పాడుచేస్తుంది. పల్లీలు, కొబ్బరి ఆ లెక్కలోకి రానే రావు.

నడకరాజు
అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. తేలిన నూనె తినం కదా! నేను గిన్నె వంచి, నూనె ఒక పక్కకి దిగాక కాయలే వేసుకుంటాను. అప్పుడు నాకు నూనె సున్నా. చందూ, నువ్వూ అలాగే చెయ్యి.

తూనికరాళ్లు
సున్నా కాదు రాజు గారూ. వంకాయ లోపలంతా గాలి గదులే. మూకుట్లో వేయించేటప్పుడు నూనె వాటిలోకి దిగుతుంది. మగ్గి మెత్తబడ్డాక అందులో కొంత బయటికి వస్తుంది, మీరు చూసే తేలిన నూనెలో అదీ ఉంటుంది. మిగతాది కాయలోనూ, కూరిన ముద్దలోనూ ఉంటుంది. పల్లీ, నువ్వులు, కొబ్బరి నుంచి దిగిన నూనె కూడా ఆ ఎర్రటి తేటలో కలిసే ఉంటుంది.

మీరు వదిలేసేది ఎంతో తెలియాలంటే, దాన్ని గరిటెతో ఒక గాజు గ్లాసులోకి తీయండి. కాసేపు కదపకుండా ఉంచితే పులుసు అడుగుకి దిగి, నూనె పైన విడిగా నిలబడుతుంది. పైదే తీసి తూచండి. 20 గ్రాములు వస్తే మొత్తంలోంచి 180 తీసేయొచ్చు, కాకపోతే ఇంకెవరూ దాన్ని తినకపోతేనే. మరుసటి పూట ఆ నూనెలోనే అన్నం కలుపుకునేవాళ్లు ఉంటే అది వాళ్ల లెక్కలోకి పోతుంది.

నడకరాజు
నేను నూనె వదిలేసి కాయలే తింటున్నా, బరువు తగ్గాను కూడా. గ్లాసులూ కాటాలూ లేకుండానే. సున్నా కాకపోతే ఎలా తగ్గాను?

డబ్బాలెక్క
ఆయన ఉదయం నడుస్తారేమో, రాత్రి తినడం మానేశారేమో. దానికీ కూరకీ సంబంధమేమిటి?

శారదాంబ
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. వంట చేసేది ఎవరో ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు. మా ఇంట్లో మా అబ్బాయి ఇలాగే కాటా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. నేను పోపు వేస్తుంటే క్యాన్ చేతిలోంచి తీసుకుని తూచాడు. నలుగురి ముందు "అమ్మా, 80 గ్రాములు పోశావు" అన్నాడు. ఆ కూరే చిన్నప్పటి నుంచి లొట్టలేసుకుని తిన్నాడు. నూనె తగ్గిస్తే అడుగంటుతుంది, తోలు గట్టిగా ఉంటుంది, అప్పుడు "ఇవాళ కూర బాలేదు" అనేదీ వాడే. లెక్క కావాల్సినవాళ్లు తమ కూర తామే వండుకోవాలి.

డబ్బాలెక్క
శారదాంబ గారు అసలు మాట చెప్పారు. అందుకే నేను నెల సగటు చాలంటున్నది. ఎవరినీ నొప్పించదు.

తూనికరాళ్లు
నొప్పించకపోవడం వేరు, నిజం తెలియడం వేరు. ఇదే కూర 30 గ్రాముల నూనెతో చేస్తే 405 కేలరీలు తగ్గుతాయి, నలుగురిలో మనిషికి వంద. పూటకి ఒక కూర, రెండు పూటలు, రోజుకి రెండొందలు. బరువు తగ్గాలని రోజుకి మూడొందలు తగ్గించుకుంటున్న మనిషికి అందులో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది. అతను ఇంకా అన్నం తగ్గించుకుంటూ పోతాడు, ఆకలితో ఉంటాడు, కాటా మీద ముల్లు కదలదు. అలాంటివాళ్లని చూసే చెబుతున్నాను.

శారదాంబ
వంద తగ్గించాలంటే నా చేతిలో క్యాన్ లాక్కోవాలా? నన్ను అడిగితే నేనే తగ్గించేదాన్ని. ఎవరూ అడగలేదు, లెక్క చెప్పారంతే.

తూనికరాళ్లు
అలా లాక్కోవడం తప్పేనమ్మా. నేను చెప్పింది వంటకి ముందూ తర్వాతా తూచడం, మధ్యలో కాదు. మీరు రోజూ పోసే తీరు తెలిస్తే చాలు, నాలుగైదు కూరలు తూస్తే ఆ ఇంటి చెయ్యి ఎంత పోస్తుందో అర్థమవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి చూసుకోవచ్చు. వేపుళ్లకి మాత్రం విడిగా చూడాలి. బెండకాయలు నూనెలో దేవితే మూకుడు నూనె ముందూ తర్వాతా వడకట్టి తూచండి, అందులోంచి తగ్గిందే ముక్కల్లోకి పోయినట్టు.

చందు_వై
శారదాంబ గారూ, నిజం చెప్పాలంటే నేను అడిగిన ప్రశ్నే అది. అమ్మకి చెప్పకుండా తూచాలా, చెప్పి తూచాలా అని. నూనె తక్కువ పోయమని అడిగితే "నా వంట నచ్చట్లేదా" అంటుంది, అందుకే కొలవకుండా అని రాశాను. నాన్నకి కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు గారు చెప్పినా ఆ మాట వినలేదు.

శారదాంబ
అయితే కాటా కొనేముందు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడుగు నాయనా. ఏ కూరలో నూనె తగ్గితే రుచి పోదో ఆమెకే తెలుసు. పప్పులో సగానికి తగ్గించినా ఎవరికీ తెలియదు. గుత్తి వంకాయలో తగ్గిస్తే తెలుస్తుంది. కాయల్ని ముందు మూతపెట్టి, నీళ్లు చిలకరించి సగం మగ్గించుకుంటే తర్వాత నూనె తక్కువ తాగుతాయి.

తూనికరాళ్లు
ఆ పద్ధతి మంచిది. ముందే మెత్తబడి కుంగిన కాయలో నూనె దిగడానికి చోటు తక్కువ. అయినా ముందూ తర్వాతా క్యాన్ తూస్తేనే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

డబ్బాలెక్క
మళ్లీ కాటా దగ్గరికే వచ్చారు.

చందు_వై
ఈ ఆదివారం అమ్మతో మాట్లాడి, ఆమె ఒప్పుకుంటే వంటకి ముందూ తర్వాతా క్యాన్ తూస్తాను. పప్పుతో మొదలుపెడతాను, వంకాయ జోలికి ఇప్పుడే వెళ్లను. రాజు గారూ, గ్లాసులో నూనె తీసి తూచారా?

నడకరాజు
తూచక్కర్లేదు. నాకు సున్నానే.