ఐబీఎస్: నాలుగు రోజులు మలబద్ధకం, ఆ వెంటనే విరేచనాలు. ఎందుకిలా?

నాకు ఐబీఎస్ అనే పేగు సమస్య ఉందని డాక్టరు గారు తేల్చారు. కొలనోస్కోపీ నార్మల్. రక్తం పడటం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో విరేచనానికి లేవడం లాంటివేమీ లేవు.

మూడు నాలుగు రోజులు మేక పెంటికల్లా గట్టిగా వస్తుంది. తర్వాత ఓ ఉదయం ఇడ్లీ తిని కాఫీ తాగగానే పొత్తికడుపు ఎడమవైపు మెలిపెట్టినట్టు నొప్పి. మొదట గట్టి ముక్క, వెనకే నీళ్లలా రెండు మూడుసార్లు. అయిపోగానే నొప్పి చాలావరకు తగ్గుతుంది.

డాక్టరు గారు చెప్పింది ఇదీ: పెద్దపేగు నెమ్మదిగా కదిలితే నీరంతా పీల్చేసుకుని మలం గట్టిపడుతుంది, వేగంగా కదిలితే నీరు పీల్చే టైమే ఉండదు. పేగు నరాలు అతిగా స్పందించడం వల్ల మామూలు గ్యాస్, పేగు సాగడం కూడా నొప్పిగా తెలుస్తాయి. ఖాళీ అయితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఇంతవరకు అర్థమైంది.

అర్థం కానిది, అదే పేగు ఒక్కసారిగా వేగం ఎందుకు మారుస్తుందన్నది. తిండి, టెన్షన్ వల్లేనా? లేక లోపల పేరుకున్న గట్టి మలం పక్కనుంచి పల్చటిది జారుతోందా? అలాగైతే విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేసుకుంటే బిగింపు ఇంకా పెరుగుతుంది కదా! ఈ రెండింటికీ తేడా ఎలా కనిపెట్టాలి? ఈ రకం ఐబీఎస్ ఉన్నవాళ్లు, తెలిసిన డాక్టర్లు కాస్త చెప్పండి.