60 సెంటీమీటర్ల మలుపుకు ఆకర్‌మన్ కావాలా, కోడ్ సరిపోతుందా?

ప్రాజెక్ట్_బ్యాచ్: మా చిన్న అటానమస్ కారుకి వీల్‌బేస్ 260 మి.మీ., ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నుల, అంటే కింగ్‌పిన్‌ల మధ్య దూరం 160. స్టీరింగ్ ఆర్మ్‌లు నేరుగా వెనక్కి ఉన్నాయి, కాబట్టి ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరుగుతాయి. ఆకర్‌మన్ అమరికలో అయితే లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరుగుతుంది. వెనక ఇరుసు మధ్య నుంచి 60 సెం.మీ. టర్నింగ్ రేడియస్ కావాలి. ఆర్మ్‌లు మార్చాలా, కోడ్‌లో సరిచేస్తే చాలదా?

పైథాన్_రాజు: కోడ్ చాలు బ్రదర్. ROS అనే రోబో సాఫ్ట్‌వేర్‌లో AckermannDriveStamped మెసేజ్ పంపిస్తే steering_angle ఒక్కటే ఉంటుంది, లోపలి చక్రం, బయటి చక్రం అని వేరుగా ఏమీ అడగదు. తిప్పి కొలిచి, సర్వో గెయిన్, అంటే ఎంత కోణానికి సర్వో ఎంత కదలాలో చెప్పే సంఖ్య మార్చుకోండి.

చాసిస్_మూర్తి: రాజు గారు, ఆ steering_angle ముందు ఇరుసు మధ్యలో ఉందనుకునే ఊహా చక్రానిది. అసలు చక్రాలు రెండూ ఒకే సర్వోకి కట్టి ఉన్నాయి. వాటి మధ్య తేడాను నిర్ణయించేది రెండు ఆర్మ్‌లనీ కలిపే టై రాడ్, ఆర్మ్‌ల ఆకారం. కోడ్ దాన్ని ముట్టుకోలేదు.

వీళ్ల బండికే లెక్క వేద్దాం. 600 మి.మీ. రేడియస్‌కి ఊహా చక్రం 23.4 డిగ్రీలు తిరగాలి. లోపలి చక్రానికి 260ని 520తో భాగిస్తే 26.6 డిగ్రీలు, బయటిదానికి 260ని 680తో భాగిస్తే 20.9 డిగ్రీలు వస్తాయి. ఇప్పుడు రెండూ 23.4 దగ్గరే ఉన్నాయి. అప్పుడు లోపలి చక్రం బండిని 680 రేడియస్‌లో నడపాలని చూస్తుంది, బయటిది 520లో. ఏ టైరుకి పట్టు ఎక్కువైతే దాని మాట నెగ్గుతుంది. గెయిన్‌ని నున్నటి టైల్స్ మీద సరిచేసి, గరుకు సిమెంటు మీదికి తీసుకెళ్తే వలయం మారిపోవచ్చు.

ట్రాక్_వేణు: రేసు కార్లలో ఆకర్‌మన్ తగ్గిస్తారు, కొన్నిట్లో సమాంతరంగానో ఇంకా తిరగేసో పెడతారు. మీరేమో తప్పనిసరి అంటున్నారు.

చాసిస్_మూర్తి: వేణు గారు, వేగంలో మీరన్నది నిజమే. బరువంతా బయటి టైరు మీద పడి, అది పక్కకి జారుతూనే పట్టు ఇస్తుంది, కాబట్టి దానికి కోణం ఎక్కువ ఇవ్వడం లాభం. వీళ్లు 60 సెం.మీ. మలుపులో సెకనుకి మీటరు వేగంతో వెళ్లినా పక్క త్వరణం 0.17 జీ మాత్రమే. అదే 2 మీటర్ల రేడియస్ మలుపైతే రెండు చక్రాల మధ్య అవసరమైన తేడా 0.6 డిగ్రీలే. అక్కడ నేనూ పట్టించుకోను.

సర్వో_లక్ష్మి: మా బండికి ఆకర్‌మన్ ఉంది, అయినా నేరుగా పొమ్మంటే పక్కకి లాగుతుంది. కారణం అదేనా?

చాసిస్_మూర్తి: కాదమ్మా, నేరుగా వెళ్లేటప్పుడు ఆకర్‌మన్‌కి పని లేదు. బాల్ జాయింట్లు, సర్వోకి దెబ్బ తగలకుండా కాపాడే సర్వో సేవర్ స్ప్రింగ్ పట్టుకుని కదిపి చూడండి. 18 మి.మీ. ఆర్మ్ చివర 0.3 మి.మీ. వదులుంటే చక్రం దగ్గర దాదాపు ఒక డిగ్రీ. 260 వీల్‌బేస్‌తో ఆ డిగ్రీ 3 మీటర్లలో బండిని 30 సెం.మీ. పక్కకి తీసుకెళ్తుంది.

ఎడమకీ కుడికీ వలయాలు తేడాగా ఉంటే మాత్రం సర్వో షాఫ్ట్ మీద బిగించే చిన్న చేయి, అంటే హార్న్ చూడండి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు హార్న్ లింకుకి లంబంగా ఉండాలి. 25 పళ్ల స్ప్లైన్‌లో ఒక పన్ను మారితే 14.4 డిగ్రీలు, అందుకే పన్నుతో సరిగ్గా కుదరదు. మిగిలింది లింకు పొడవుతో సరిచేయాలి. కోడ్‌లో ఆఫ్‌సెట్ పెడితే చక్రాలు నేరుగా కనిపిస్తాయి కానీ హార్న్ వంకరగానే ఉంటుంది. 12 మి.మీ. హార్న్ 7 డిగ్రీలు పక్కకి ఉంటే ఈ బండికి రెండు వైపుల రేడియస్‌లకీ 6 సెం.మీ. తేడా వస్తుంది.

ప్రాజెక్ట్_బ్యాచ్: అయితే ఆర్మ్‌లు ఎంత వంచాలి సార్? టై రాడ్ ఇరుసు ముందుకి మార్చే ఆలోచన కూడా ఉంది, బ్యాటరీకి చోటు కోసం.

చాసిస్_మూర్తి: టై రాడ్ వెనకే ఉంటే ఆర్మ్‌ల గీతలు వెనక ఇరుసు మధ్యలో కలవాలి. 80ని 260తో భాగిస్తే లోపలికి 17 డిగ్రీలు. అది తొలి అంచనా మాత్రమే. ఆర్మ్‌లు అట్టతో కోసి, రెండు చక్రాల కోణాలూ కొలిచి చూడండి. ముందుకి మారిస్తే ఆర్మ్‌లు బయటికి విచ్చుకోవాలి, చక్రం రిమ్ తగులుతుంది. లోపలికే వంచి ముందు పెడితే తేడా తిరగబడుతుంది, ఇప్పుడున్న దానికన్నా అధ్వానం.

పైథాన్_రాజు: నేను ఇంకా ఒప్పుకోను. రెండు చక్రాల తప్పులూ ఎదురెదురుగా ఉన్నాయి కదా, నెమ్మదిగా వెళ్తే చాలావరకు రద్దవుతాయి. తేడా ఉంటే చూపించాలి.

చాసిస్_మూర్తి: చూపించొచ్చు. పూర్తిగా తిప్పి, నడక వేగంలో వలయం తిప్పండి. వెనక చక్రాల రెండు గీతల రేడియస్‌లూ కొలిచి సగటు తీయండి. తర్వాత అదే గెయిన్‌తో ఇంకో నేల మీద. సంఖ్య మారకపోతే మీ మాటే నిజం, ఆర్మ్‌లు ముట్టక్కర్లేదు.

ట్రాక్_వేణు: వెనక చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లాక్ అయి ఉంటే ఆ కొలత ఎందుకూ పనికిరాదు, అది వలయాన్ని విడిగా పెద్దది చేస్తుంది. ముందు అది చెప్పమనండి.

ప్రాజెక్ట్_బ్యాచ్: రెండు వెనక చక్రాలూ ఒకే షాఫ్ట్ మీద ఉన్నాయి, డిఫరెన్షియల్ లేదు.