క్రషర్ దుమ్ము: లిమిట్ సగానికి దించాలా, ముందు కొలవాలా?

ఓఆర్ఆర్_కంకర: హైదరాబాద్ శివారులో మాదో చిన్న కంకర క్రషర్. లెక్కలు, కాగితాలు నేనే చూస్తాను. రాతి దుమ్ములో ఉండే సిలికా లిమిట్‌ని అమెరికాలో లాగా ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములకి దించాలని ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. ఉన్న లిమిట్‌నే ఎవరూ కొలవట్లేదు, దాన్ని తగ్గిస్తే ఎవరికి లాభం? పైగా మా పొల్యూషన్ రిపోర్ట్‌లో దుమ్ము 600 లోపే ఉంది. ఇంకేం చేయాలి?

గచ్చుపని_రాజు: అన్నా, మా అపార్ట్‌మెంట్‌లో కిచెన్ ప్లాట్‌ఫామ్‌కి గ్రానైట్ కోస్తున్నారు, మూడు రోజులుగా ఇల్లంతా తెల్లగా ఉంది. పిల్లలకి ఏమన్నా అవుతుందా?

పాత_శాంప్లర్: రాజూ, తలుపు మూసి నీళ్లు పోస్తూ కోయమను, తర్వాత తడిగుడ్డతో తుడిపించు. మూడు రోజుల దుమ్ముతో మీ పిల్లలకి సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులకి మచ్చలు పడే జబ్బు, రాదు. రోజూ ఇంటింటికీ తిరిగి కోసే ఆ అబ్బాయి సంగతి వేరు, అతని గురించి అడగాల్సింది. ఇక్కడి ప్రశ్న వేరే.

కంకర గారూ, ఆ 600 ఎక్కడ కొలిచారో రిపోర్ట్‌లో చూడండి. క్రషర్‌కి 40 మీటర్ల దూరంలో గాలిలో తేలే మొత్తం దుమ్ముకి పెట్టిన హద్దు అది, ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు. చుట్టుపక్కల వాళ్ల కోసం పెట్టింది. జల్లెడ పక్కన నిలబడే మనిషి ముక్కు దగ్గర ఎంత ఉందో అది చెప్పదు.

అతనికి వేరే లెక్క ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ నుంచి వచ్చింది. రాతిలో సిలికా ఎక్కువగా క్వార్ట్జ్ రూపంలోనే ఉంటుంది. 10ని, ఆ క్వార్ట్జ్ శాతానికి 2 కలిపిన దానితో భాగించాలి. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నటి దుమ్ములో క్వార్ట్జ్ 30 శాతం అనుకుంటే 10/32, అంటే ఘనపు మీటరుకు 0.31 మిల్లీగ్రాముల దుమ్ము. అందులో సిలికా దాదాపు 0.09. అందుకే జనం మన లిమిట్ 0.1 అంటుంటారు. మీ క్రషర్ క్వారీ లీజు లోపల ఉంటే అది గని కిందే లెక్క, అక్కడ నిబంధనలు వేరు.

ఎక్స్‌రే_సుజాత: సార్, ఇన్ని లెక్కలెందుకు? ఏటా అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తే మొదట్లోనే దొరుకుతుంది కదా. నేను పదేళ్లుగా తీస్తున్నా.

పాత_శాంప్లర్: మొదట్లో దొరకదమ్మా. మామూలు సిలికోసిస్‌లో ఎక్స్‌రేలో చుక్కలు కనిపించడానికి తరచూ పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటికి మచ్చలు పడిపోయి ఉంటాయి. దుమ్ము మానేసినా అవి పోవు, కొందరిలో ఇంకా పెరుగుతాయి. ఎక్స్‌రే పదేళ్ల కిందటి దుమ్ము గురించి చెబుతుంది. ఇవాళ్టి దుమ్ము తెలియాలంటే పనిచేసే మనిషికి గాలి లాగే పంపు పెట్టి కొలవాల్సిందే.

పాలమూరోణ్ని: మా నాయిన ఇరవై ఏండ్లు జాక్‌హామర్ కొట్టిండు. దగ్గు, ఆయాసం. మూడుసార్లు టీబీ మందులు వాడిచ్చిండ్రు. కళ్లె పరీక్షల మాత్రం ఎప్పుడూ ఏమీ రాలే. నాలుగోసారి ఒక డాక్టరమ్మ ఏం పని జేసినవ్ తాతా అని అడిగింది. అంతకు ముందు ఎవ్వరూ అడగలే. సుజాతక్క చెప్పేది మీరు అంత తేలిగ్గా కొట్టెయ్యకుండ్రి సార్. పంపు నంబర్ మా నాయినకు ఏం పనికొస్తది? ఎక్స్‌రే మీద సిలికోసిస్ అని రాస్తేనే కాగితం. రాజస్థాన్‌ల ఆ కాగితముంటే 2019 పాలసీ కింద మూడు లక్షలు ఇస్తరు.

పాత_శాంప్లర్: మీ మాట ఒప్పుకుంటాను. జబ్బు పడ్డవాడికి కాగితం కావాలి, దానికి ఎక్స్‌రే, దాన్ని చదవగలిగే డాక్టరు, ఎన్నేళ్లు ఏ పని చేశాడో రాసిన చరిత్ర మూడూ కావాలి. ఇంకో మాట, టీబీ కాదని గట్టిగా అనేయకండి. సిలికా ఉన్న ఊపిరితిత్తులకి టీబీ పట్టే ముప్పు కొన్ని రెట్లు ఎక్కువ. రెండూ ఉండొచ్చు. కళ్లె పరీక్ష మళ్లీ చేయించండి.

ఓఆర్ఆర్_కంకర: సరే, 600 సంగతి అర్థమైంది, ఒప్పుకున్నా. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. 0.1 ఉన్నా 0.05 ఉన్నా మా జల్లెడ దగ్గర దుమ్ము తగ్గుతుందా?

పాత_శాంప్లర్: నేను చేసిన ఒక కొలత చెబుతా. జల్లెడ ఆపరేటర్ చొక్కా కాలర్‌కి సైక్లోన్ అనే చిన్న పరికరం, నడుముకి పంపు. నిమిషానికి 1.7 లీటర్ల గాలి. పెద్ద రేణువులు సైక్లోన్‌లో రాలిపోతాయి, సన్నవి ఫిల్టర్ మీద పడతాయి. ఎనిమిది గంటల్లో 816 లీటర్లు, అంటే 0.82 ఘనపు మీటర్లు. సాయంత్రానికి ఫిల్టర్ 0.62 మిల్లీగ్రాములు బరువెక్కింది. భాగిస్తే 0.76. ల్యాబ్ క్వార్ట్జ్ 30 శాతం అంది, కాబట్టి సిలికా 0.23. లిమిట్ ఏదైనా ఫెయిలే. ఇక్కడిదాకా మీరన్నది నిజం.

తర్వాత కన్వేయర్ నుంచి రాయి పడే చోట, జల్లెడ నెత్తిన నీళ్లు చల్లే నాజిల్స్ పెట్టించి అదే మనిషికి మళ్లీ పంపు పెట్టాను. ఈసారి ఫిల్టర్ మీద 0.20. అంటే 0.24 దుమ్ము, 0.07 సిలికా. మన 0.31 కింద పాస్. 0.05 అయితే ఫెయిల్. తేడా ఇక్కడ తెలుస్తుంది. పాత లిమిట్ దగ్గర యజమాని ఆగిపోతాడు, కొత్తది ఉంటే జల్లెడకి కవర్, సక్షన్ కూడా పెట్టాలి.

మెకానిక్_యాదగిరి: నాజిల్స్ పెట్టిన కథ చెప్పారు సరే, తీసేసిన కథ కూడా చెప్పండి. నీళ్లు ఎక్కువైతే సన్న డస్ట్ తడిసి జల్లెడ కళ్లు మూసుకుపోతాయి. గంట ఆపి సుత్తితో కొట్టి దులపాలి. అందుకే షిఫ్ట్‌లో మధ్యాహ్నం నుంచి వాల్వ్ కట్టేస్తాం. ఎండాకాలంలో ట్యాంకర్ కూడా రాదు. మీరు కొలిచిన రోజు మాత్రం పొద్దున్నుంచీ తెరిచే ఉంటుంది. ఆ రోజు నీళ్లు తాగేది జల్లెడ కాదు, మీ పంపు!

పాత_శాంప్లర్: నవ్వొచ్చింది గానీ నిజమే. అందుకే ఒక్కరోజు కొలతని నేనూ నమ్మను. ముందు చెప్పకుండా, వేర్వేరు నెలల్లో, నీళ్లు లేని ఏప్రిల్‌లో కూడా కొలవాలి. సన్నటి పొగమంచులా చల్లే నాజిల్స్ వాడితే జల్లెడ అంతగా మూసుకోదు. మెష్ సైజుని బట్టి ఎంత నీరో మాత్రం సైట్‌లో చూసుకోవాల్సిందే. ముక్కుకి తువ్వాలు కట్టుకోవడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఆ రేణువులు గుడ్డలోంచి దూరతాయి.

ఎక్స్‌రే_సుజాత: మరి గనుల్లో ఐదేళ్లకోసారి పరీక్ష అంటారు. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఒడిశా వాళ్లు, ఏడాదిన్నర ఉండి వెళ్లిపోతారు. వాళ్లకి ఐదో ఏడు ఎవరు తీస్తారు?

పాలమూరోణ్ని: అదే అక్కా. జబ్బు వాళ్ల ఊర్ల బయటపడ్తది, దుమ్ము ఇక్కడుంటది.

ఓఆర్ఆర్_కంకర: ఆ పిల్లలు వెళ్లేటప్పుడు ఎంతకాలం ఏ మెషిన్ దగ్గర పనిచేశారో రాసి ఇవ్వడం నా చేతిలో పనే, అది మొదలుపెడతా. పంపు పెట్టించే సంగతి మా ఓనర్‌ని అడగాలి. నంబర్ ఫెయిల్ వస్తే ఆ కాగితం రేపు తన మీదికే వస్తుందని ఆయన టెన్షన్. దానికి నా దగ్గర జవాబు లేదు.

మెకానిక్_యాదగిరి: ఏప్రిల్‌లో కొలిపించండి. ట్యాంకర్ లేనప్పుడు.